పేరా ఒకటే, మూలం పేరు ఎన్నిసార్లు?

పరిశోధన గ్రంథం రాసే ప్రతి విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు గైడ్‌ని ఈ ప్రశ్న అడుగుతాడు. "సార్, ఈ పేరా మొత్తం ఒకే పుస్తకం నుంచి తీసుకున్నాను. ప్రతి వాక్యం చివరా బ్రాకెట్ పెట్టాలా, ఆఖర్న ఒకసారి పెడితే చాలా?" ఒక గైడ్ "ప్రతి వాక్యానికీ పెట్టెయ్ నాయనా, తర్వాత గొడవ ఉండదు" అంటారు. ఇంకో గైడ్ "పేరాకి ఒకటి చాలమ్మా, చదవడానికి అడ్డం పడుతుంది" అంటారు. విద్యార్థి ఆ మాట పట్టుకుని గ్రంథమంతా అలాగే నింపేస్తాడు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇది మీ మాటా, ఆ పుస్తకం మాటా?" అని అడిగినప్పుడు ఇబ్బంది మొదలవుతుంది.

ఆ రెండు సలహాల్లోనూ లోపం ఒకటే. రెండూ లెక్క చెబుతున్నాయి, ఒకటి వాక్యానికో సైటేషన్ అని, మరొకటి పేరాకో సైటేషన్ అని. నిజానికి తేల్చుకోవలసింది లెక్క కాదు, చోటు. ఒక పేరాలో మాట్లాడే గొంతు ఎక్కడెక్కడ మారుతోందో అక్కడ మూలం పేరు రావాలి. మారని చోట రానక్కర్లేదు. ఈ పద్ధతిలో ఒక పేరాకి ఒక సైటేషనే చాలవచ్చు, మరో పేరాకి అయిదు కావాల్సి రావచ్చు.

మాటల్లో చెబితే ఇది తేలిగ్గానే అనిపిస్తుంది. ఒక పేరా ముందు పెట్టుకుని చేస్తేనే కష్టం తెలుస్తుంది. కాకతీయుల కాలం మీద పరిశోధన గ్రంథంలో రాదగిన పేరా ఒకటి తీసుకుందాం. దాని వెనక రెండు పుస్తకాలున్నాయి. ఒకటి సింథియా టాల్బట్ రాసిన ‘ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్’, 2001లో వచ్చింది. 1175 నుంచి 1325 వరకు ఆంధ్రదేశంలో వేయించిన శాసనాలే దానికి ముడిసరుకు. రెండోది పి.వి. పరబ్రహ్మశాస్త్రి రాసిన ‘ది కాకతీయాస్ ఆఫ్ వరంగల్’, 1978లో వచ్చింది. విద్యార్థి తన మొదటి ప్రతిలో ఇలా రాశాడనుకుందాం:

"కాకతీయుల కాలంలో వ్యవసాయం తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లోకి విస్తరించింది (టాల్బట్, 2001). ఈ విస్తరణకు చెరువులు ఆధారమయ్యాయి (టాల్బట్, 2001). కొత్తగా సాగులోకి వచ్చిన ప్రాంతాల్లో యోధులకు సమాజంలో పైకి ఎదిగే అవకాశం దొరికింది (టాల్బట్, 2001). శాసనాల్లో కనిపించే రెడ్డి, నాయక, సెట్టి వంటి బిరుదులు పుట్టుకతో వచ్చిన కులం కన్నా చేసే పనినీ సంపాదించుకున్న హోదానూ ఎక్కువగా సూచిస్తాయి (టాల్బట్, 2001). నాయంకర పద్ధతిలో నాయకులకు గ్రామాల ఆదాయం అప్పగించి, బదులుగా సైన్యాన్ని పోషించే బాధ్యత పెట్టారు (పరబ్రహ్మశాస్త్రి, 1978). హోదా పనితో వచ్చే సమాజంలో ఇలాంటి ఏర్పాటు నిలదొక్కుకోవడం సహజం. అయితే శాసనాలు ప్రధానంగా ఆస్తి ఉన్న దాతల గురించే చెబుతాయి (టాల్బట్, 2001)."

ఏడు వాక్యాలకి ఆరు బ్రాకెట్లు. నిజాయితీ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. చదవడం మాత్రం కష్టం. కన్ను ప్రతి వాక్యం చివరా ఆగి, బ్రాకెట్ దాటి, మళ్లీ ముందుకెళ్లాలి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. అయిదో వాక్యంలో పేరు మారిందన్న సంగతి చాలామంది గమనించరు. అప్పటికే నాలుగు బ్రాకెట్లు ఒకే రకంగా వచ్చేసరికి అయిదోదాన్ని చదవడం మానేసి ఉంటారు. అతిగా పెట్టిన సైటేషన్ అసలు చూడవలసిన సైటేషన్‌ని కప్పేస్తుంది. ఏపీఏ శైలి మాన్యువల్ ఏడో ఎడిషన్ ఒకే మూలాన్ని వాక్యవాక్యానికీ చెప్పడం అనవసరమని తేల్చిన తీరు కూడా ఇదే: మూలం, విషయం మారనప్పుడు తొలి వాక్యంలో చెబితే చాలు, తర్వాతి వాక్యాలు అదే మూలం నుంచి వస్తున్నాయని పాఠకుడికి స్పష్టంగా ఉండాలి. ఆ చివరి షరతు దగ్గరే అందరూ జారిపడతారు.

ఇక రెండో గైడ్ సలహా విన్న విద్యార్థి అదే పేరాని ఇంకోలా రాస్తాడు. బ్రాకెట్లన్నీ తీసేసి పేరా చివర ఒక్కటే పెడతాడు: (పరబ్రహ్మశాస్త్రి, 1978; టాల్బట్, 2001). పేజీ శుభ్రంగా ఉంటుంది. కానీ ఇప్పుడు నాయంకర పద్ధతి గురించిన వాక్యం ఎవరిదో తెలియదు. దాన్ని సరిచూడాలంటే రెండు పుస్తకాలూ వెతకాలి. ఇంతకంటే ప్రమాదం ఆరో వాక్యంతో ఉంది. హోదా పనితో వచ్చే సమాజంలో ఇలాంటి ఏర్పాటు నిలదొక్కుకోవడం సహజం అన్నది ఏ పుస్తకంలోదీ కాదు, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి విద్యార్థి తానుగా అన్న మాట. అతని గ్రంథానికి విలువ తెచ్చే వాక్యం అదొక్కటే. పేరా చివరి బ్రాకెట్ దాన్ని తీసుకెళ్లి ఇద్దరు చరిత్రకారుల ఖాతాలో వేసింది. వాళ్లు అనని మాట వాళ్లకి అంటగట్టినట్టు అయింది, తాను చేసిన ఆలోచన తనది కాకుండానూ పోయింది. సైటేషన్ తగ్గితే దొంగతనమన్న మాట వస్తుందని మాత్రమే మనవాళ్లు భయపడతారు. తప్పు చోట పడిన సైటేషన్ సొంత మాటని కూడా పరాయి చేస్తుందన్నది తక్కువమందికి తోస్తుంది.

ఈ రెంటికీ మధ్య ఆ పేరా ఇలా ఉండొచ్చు:

"కాకతీయుల కాలంలో వ్యవసాయం తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లోకి విస్తరించిందని టాల్బట్ (2001) వివరించారు. ఈ విస్తరణకు చెరువులు ఆధారమయ్యాయి. ఇలా కొత్తగా సాగులోకి వచ్చిన ప్రాంతాల్లో యోధులకు సమాజంలో పైకి ఎదిగే అవకాశం దొరికింది. శాసనాల్లో కనిపించే రెడ్డి, నాయక, సెట్టి వంటి బిరుదులు పుట్టుకతో వచ్చిన కులం కన్నా చేసే పనినీ సంపాదించుకున్న హోదానూ ఎక్కువగా సూచిస్తాయని ఆమె వాదన. ఇక రాజ్యం వైపు నుంచి చూస్తే, నాయంకర పద్ధతిలో నాయకులకు గ్రామాల ఆదాయం అప్పగించి, బదులుగా సైన్యాన్ని పోషించే బాధ్యత పెట్టారు (పరబ్రహ్మశాస్త్రి, 1978). ఈ రెండు పరిశీలనలనూ కలిపి చూస్తే, హోదా పనితో వచ్చే సమాజంలో ఇలాంటి ఏర్పాటు నిలదొక్కుకోవడం సహజమని ఈ అధ్యాయం ప్రతిపాదిస్తోంది. అయితే శాసనాలు ప్రధానంగా ఆస్తి ఉన్న దాతల గురించే చెబుతాయన్న టాల్బట్ హెచ్చరికను ఇక్కడ మరచిపోకూడదు."

ఆరు బ్రాకెట్ల చోట ఇప్పుడు టాల్బట్ పేరు రెండుసార్లు, శాస్త్రిగారి పేరు ఒకసారి వచ్చాయి. ‘ఆమె వాదన’ అన్నది సైటేషన్ కాకపోయినా ఆ పనే చేస్తోంది. ఒక్కో వాక్యం దగ్గర ఏం జరిగిందో చూద్దాం.

మొదటి వాక్యంలో పేరుని బ్రాకెట్లోంచి వాక్యంలోకి తెచ్చాం. ఇది సోకు కోసం చేసిన మార్పు కాదు. బ్రాకెట్ వాక్యం చివర ఉంటుంది కాబట్టి అది తన వెనక ఉన్నదానికే కాపలా కాస్తుంది. వాక్యంలో కర్తగా వచ్చిన పేరు ముందున్నదానికి దారి చూపుతుంది. ‘టాల్బట్ వివరించారు’ అని చదివినవాడు వివరణ ఇంకా వస్తుందని ఎదురుచూస్తాడు. అందుకే ఒకే మూలం మీద నాలుగు వాక్యాలు నడపదలిస్తే ఆ పరుగుని పేరుతో మొదలుపెట్టండి. ఒక్క వాక్యానికే ఆ మూలం కావాలంటే బ్రాకెట్ మేలు. శాస్త్రిగారిని అందుకే బ్రాకెట్లో ఉంచాం.

రెండు, మూడు వాక్యాల్లో మూలం ప్రసక్తే లేదు. అయినా అవి టాల్బట్‌వేనని అర్థమవుతోంది. కారణం ‘ఈ విస్తరణకు’, ‘ఇలా కొత్తగా’ అన్న మాటలు. వాటి తోక ముందు వాక్యంలో ఉంది. మొదటి వాక్యం టాల్బట్‌దైతే, దాన్ని పట్టుకుని నడిచే వాక్యాలూ ఆమెవే అని పాఠకుడు తీసుకుంటాడు. ‘ఈ’, ‘అదే’, ‘ఇందువల్ల’ లాంటి చిన్న మాటలు సైటేషన్ బరువు చాలావరకు మోస్తాయి. వాటిని తీసేసి చూడండి. ‘కాకతీయులు అనేక చెరువులు తవ్వించారు’ అని రాస్తే అది లోకానికంతా తెలిసిన విషయంలా ఉంటుంది, టాల్బట్ దగ్గర్నుంచి తీసుకున్నట్టు ఉండదు.

ఇప్పుడు ఆ రెండు వాక్యాల మధ్య విద్యార్థి ఒక ఉదాహరణ ఇరికించాడనుకుందాం: "పాలంపేట దగ్గరి రామప్ప చెరువు నేటికీ పొలాలకు నీళ్లిస్తోంది." మంచి ఉదాహరణే. కానీ ఇది టాల్బట్ ఇచ్చినదా, విద్యార్థి ములుగు వెళ్లి చూసినదా? పాఠకుడికి తెలియదు. అంతటితో పోదు. దాని తర్వాత వచ్చే యోధుల వాక్యం కూడా అనుమానంలో పడుతుంది. మధ్యలో ఒక పరాయి వాక్యం దూరితే దారం తెగుతుంది. తెగిన చోట మళ్లీ ముడి వేయాలి. అప్పుడు మూడో వాక్యం ‘ఇలా కొత్తగా సాగులోకి వచ్చిన ప్రాంతాల్లో యోధులకు పైకి ఎదిగే అవకాశం దొరికిందని టాల్బట్ అంటారు’ అని మారాలి. రామప్ప చెరువు వాక్యానికి దాని సొంత ఆధారమో, ‘క్షేత్ర పరిశీలనలో చూసినట్టు’ అన్న మాటో కావాలి. ఒకే మూలాన్ని ఎన్నిసార్లు చెప్పాలన్న ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. మధ్యలో ఎన్నిసార్లు పక్కకి వెళ్లామో అన్నిసార్లు తిరిగొచ్చినప్పుడు చెప్పాలి.

నాలుగో వాక్యంలో ‘ఆమె వాదన’ ఎందుకు పెట్టాం? దారం తెగలేదు కదా, మూలం మారలేదు కదా? మారలేదు, కానీ వాక్యం బరువు మారింది. రెడ్డి, నాయక, సెట్టి అన్నవి అప్పట్లో కులం పేర్లకన్నా పనిని, హోదానీ ఎక్కువగా చెప్పాయన్నది వాదించదగ్గ విషయం. ఈ రోజు దాన్ని చదివేవాళ్లలో ఒప్పుకోనివాళ్లు ఉంటారు. అలాంటి చోట మాట ఎవరిదో పక్కాగా ఉండాలి. అంకెలు, తేదీలు, ఎవరైనా గట్టిగా కాదనగల అభిప్రాయాలు వచ్చినప్పుడు దారం తెగకపోయినా మూలాన్ని ఒకసారి గుర్తుచేయాలి. అక్కడ కూడా బ్రాకెట్ అక్కర్లేదు, సర్వనామం చాలు. ఇక మూలంలోని మాటల్ని ఉన్నవి ఉన్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య దించితే ఈ వెసులుబాటు లేదు. ప్రతి కొటేషన్‌కీ పుట సంఖ్యతో సహా ఆధారం చూపాల్సిందే, ఒకే పేరాలో మూడు వచ్చినా సరే.

సర్వనామం విషయంలో తెలుగులో రాసేవాళ్లకి ఒక చిక్కుంది. మన వాక్యంలో కర్త లేకపోయినా నడిచిపోతుంది. అది మన భాషకి అందమే, సైటేషన్‌కి మాత్రం ఆపద. ‘ఈ బిరుదులు హోదాని సూచిస్తాయని అంటారు’ అని రాశామనుకోండి. ఎవరంటారు? టాల్బట్ అంటారా, పండితులంతా అంటారా, ఊళ్లో అనుకుంటారా? గౌరవ ఏకవచనం, బహువచనం క్రియలో ఒకేలా ఉండటంతో పాఠకుడు ఎటైనా తీసుకోవచ్చు. ‘చెప్పబడింది’, ‘పేర్కొనబడింది’ అని రాసేవాళ్ల సంగతి ఇంకా కష్టం, అందులో చెప్పినవాళ్లు పూర్తిగా మాయం. కాబట్టి ‘అంటారు’, ‘వివరించారు’, ‘పేర్కొన్నారు’ అన్న క్రియల ముందు ‘ఆమె’ అనో, ‘ఆయన’ అనో, పేరో తప్పక ఉండాలి. ఒకే పేరాలో ఇద్దరు పురుష రచయితలుంటే ‘ఆయన’ కూడా పనికిరాదు, పేరే రాయాలి. ఈ పేరాలో టాల్బట్ ‘ఆమె’, శాస్త్రిగారు ‘ఆయన’ కావడం అదృష్టం.

పేర్ల గురించే ఇంకో మాట. ఒకచోట ‘పరబ్రహ్మశాస్త్రి’ అనీ, మరోచోట ‘శాస్త్రి’ అనీ, ఇంకోచోట ‘పి.వి. శాస్త్రి’ అనీ రాస్తే ముగ్గురు మనుషులు తయారవుతారు. తెలుగు పండితుల్లో శాస్త్రులకి కొదవ లేదు. గ్రంథసూచిలో ఏ రూపంలో పెట్టారో ప్రతిచోటా అదే వాడండి.

అయిదో వాక్యం ‘ఇక రాజ్యం వైపు నుంచి చూస్తే’ అని మొదలవుతుంది. బ్రాకెట్ వాక్యం చివర్న వస్తుంది కాబట్టి, అంతవరకూ పాఠకుడు ఆ మాట కూడా టాల్బట్‌దే అనుకుంటాడు. చివరికొచ్చి బ్రాకెట్ చూశాక వెనక్కి వెళ్లి దిద్దుకోవాలి. ఆ మొదటి మాటలు మలుపుని ముందే చెబుతాయి. మూలం మారే వాక్యానికి మొదట్లోనే ఒక మలుపు మాట పెట్టుకోవడం మంచి అలవాటు.

ఆరో వాక్యం విద్యార్థి సొంతం. ‘ఈ అధ్యాయం ప్రతిపాదిస్తోంది’ అన్నది అతని సంతకం. మన విశ్వవిద్యాలయాల్లో ‘నేను’ అని రాయడానికి జంకుతారు. ‘నేను’ అక్కర్లేదు, ‘ఈ పరిశీలనలో తేలినట్టు’, ‘ఈ రెంటినీ కలిపి చూస్తే’ అన్నా చాలు. సొంత మాటకీ ఒక గుర్తు ఉంటేనే పక్కనున్న వాక్యాలు ఎవరివో తేటపడతాయి. చివరి వాక్యంలో మళ్లీ టాల్బట్ దగ్గరికి తిరిగొచ్చాం కాబట్టి ‘ఆమె’ చాలదు, పేరే కావాలి. మధ్యలో శాస్త్రిగారు, విద్యార్థి మాట్లాడి వెళ్లారు.

ఆ చివరి పేరు పక్కన 2001 లేదు. మరచిపోయి కాదు. ఏపీఏ ఏడో ఎడిషన్ ప్రకారం ఒక పేరాలో పేరుని వాక్యంలో భాగంగా వాడుతుంటే, మొదటిసారి ఏడాది ఇచ్చాక అదే పేరాలో తర్వాత వాక్యంలో వచ్చే పేరుకి ఏడాది అక్కర్లేదు. బ్రాకెట్లో పెట్టే సైటేషన్‌కి మాత్రం ప్రతిసారీ ఏడాది ఉండాలి. టాల్బట్‌వి రెండు పుస్తకాలు వాడుతుంటే ఈ మినహాయింపు పోతుంది, ప్రతిచోటా ఏడాది రాయాలి. కొత్త పేరా మొదలైతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, మూలం పేరూ ఏడాదీ తిరిగి చెప్పాలి. పై పేరాలో చెప్పాం కదా అని కింది పేరాని వదిలేయడం కుదరదు.

ఎం.ఎల్.ఏ. శైలి (అసెంబ్లీకి సంబంధం లేదు, సాహిత్య విభాగాల్లో వాడేది) కొంచెం వేరుగా నడుస్తుంది. అందులో ఏడాది బదులు పుట సంఖ్య ముఖ్యం. ఒకే పేరాలో ఒకే గ్రంథం నుంచి పలుమార్లు తీసుకుని, మధ్యలో ఇంకో గ్రంథం రాకపోతే, చివరిసారి తీసుకున్న చోట ఒక బ్రాకెట్ పెట్టి పుట సంఖ్యలు వరుసగా ఇవ్వొచ్చు. షికాగో శైలిలోనూ ఒకే పుటని ఒక పేరాలో పలుమార్లు వాడితే చివరి ప్రస్తావన తర్వాత ఒక బ్రాకెట్ చాలు. రెంటిలోనూ షరతు మాత్రం ఏపీఏలోదే: ఆ పేరాలో గొంతు ఒకటే ఉండాలి. మన కాకతీయుల పేరాలో ఆ వెసులుబాటు నాలుగో వాక్యంతో ముగిసిపోతుంది. సైన్స్ వాళ్లు వాడే అంకెల పద్ధతిలో ఒక మూలానికి ఒక అంకె ఖాయం, ఎన్నిసార్లు వచ్చినా అదే అంకె. ఆ అంకె చిన్నది కాబట్టి అతిగా పెట్టినా కంటికి అంతగా తగలదు. పాఠకుడికి మాత్రం అదే గందరగోళం.

తెలుగు శాఖల్లో ఇప్పటికీ పాదసూచికలే ఎక్కువ. అక్కడ అతి ఇంకో రూపంలో కనిపిస్తుంది: ఒక పేజీ కింద వరుసగా ‘పైదే’, ‘పైదే’, ‘పైదే’. ఇది అందవికారం మాత్రమే అయితే సరిపెట్టుకోవచ్చు. గైడ్ దిద్దుబాట్లలో మధ్యన ఒక కొత్త పాదసూచిక చేరిందంటే, కింది ‘పైదే’ ఆ కొత్త గ్రంథాన్ని చూపించడం మొదలుపెడుతుంది. కంప్యూటర్ అంకెల్ని దిద్దుతుంది కానీ ‘పైదే’ని దిద్దదు. 2017లో వచ్చిన షికాగో మాన్యువల్ పదిహేడో ఎడిషన్ ఇలాంటి గుర్తుల బదులు రచయిత పేరు, గ్రంథం పేరు కుదించి రాయమంది. తెలుగులోనూ ‘టాల్బట్, ప్రీకలోనియల్ ఇండియా’ అని కుదించి రాసుకోవడమే క్షేమం. ఒక పేరాలో ఒకే గ్రంథం నడుస్తుంటే పేరా చివర ఒకే పాదసూచిక పెట్టి, ఏ విషయం ఏ పుటలోదో అందులోనే వివరించవచ్చు.

అతిగా సైటేషన్లు పెట్టడం వెనక అసలు కారణం చాలాసార్లు భయం. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో పోలిక 10 శాతం దాటితే చర్యలకి మెట్లున్నాయి. గ్రంథం సాఫ్ట్‌వేర్ పరీక్షకి వెళ్తుందని తెలిసిన విద్యార్థి బ్రాకెట్లు పెంచితే శాతం తగ్గుతుందనుకుంటాడు. తగ్గదు. ఆ సాఫ్ట్‌వేర్ చూసేది పదాల వరుస. మూలంలోని వాక్యాన్ని నాలుగు పదాలు మార్చి దించి, చివర (టాల్బట్, 2001) పెట్టినా ఆ వరుస దానికి దొరుకుతుంది. మూసేసిన పుస్తకం పక్కన కూర్చుని సొంత మాటల్లో రాయడమే దానికి మందు. శాతం తగ్గిందంటే మూలం స్పష్టంగా ఉందని కూడా కాదు. ఇవి రెండు వేరు వేరు పరీక్షలు.

ఇంకో రకం అతి కూడా ఉంది. సొంత మాటల్లోనే రాసినా వరుసగా పది వాక్యాలకి ఒకే మూలం కావాల్సి వస్తోందంటే, సైటేషన్ ఎక్కడ తగ్గించాలని ఆలోచించకండి. పేరాలో మీరు లేరు. అది ఒక పుస్తకానికి సారాంశం. దాన్ని మూడు వాక్యాలకి కుదించి, మీ మాటకి చోటివ్వండి.

రాసే క్రమంలో దీన్ని ఎలా పట్టుకోవాలి? మొదటి ప్రతిలో పిసినారితనం వద్దు. ప్రతి వాక్యం చివరా మూలం, పుట సంఖ్య రాసుకోండి. పై పేరా మొదటి రూపాన్ని తప్పుపట్టాను కానీ అది చిత్తుప్రతిగా సరైన రూపమే. రాసేటప్పుడు వాక్యాలు అటూ ఇటూ జరుగుతాయి, పేరా రెండుగా చీలుతుంది, గైడ్ ఒక వాక్యాన్ని పక్క అధ్యాయంలోకి పంపిస్తారు. ముందే బ్రాకెట్లు పలచన చేసేస్తే జరిగిన వాక్యం దిక్కులేనిదైపోతుంది. పేరాల అమరిక ఖాయమయ్యాక, గ్రంథం బైండింగ్‌కి వెళ్లే ముందు పలచన చేయండి.

అప్పుడు ప్రింటు తీసి రంగు పెన్సిళ్లు పట్టుకోండి. టాల్బట్ వాక్యాల కింద ఒక రంగు, శాస్త్రిగారి వాక్యాల కింద ఒకటి, మీ వాక్యాల కింద ఇంకొకటి. రంగు మారిన ప్రతిచోటా ఒక గుర్తు ఉందా అని చూడండి: పేరో, బ్రాకెట్టో, ‘ఈ అధ్యాయం ప్రతిపాదిస్తోంది’ లాంటి మాటో. లేకపోతే పెట్టండి. రంగు మారకుండా సాగుతున్న చోట మధ్యలో ఉన్న బ్రాకెట్‌ని వేలితో మూసి చదవండి. వాక్యం ఎవరిదన్న అనుమానం రాకపోతే కొట్టేయండి. వస్తే ముందు సర్వనామంతో ప్రయత్నించి, చాలకపోతే పేరు రాయండి. కాకతీయుల పేరాలో రంగు మూడుసార్లు మారుతుంది: నాలుగో వాక్యం తర్వాత, అయిదో వాక్యం తర్వాత, ఆరో వాక్యం తర్వాత. మొదటి వాక్యంతో కలిపి నాలుగు చోట్ల గుర్తు కావాలి, వాదన దగ్గర ‘ఆమె’ అదనం. లెక్క సరిపోయింది.

మనది మనకి ఎప్పుడూ స్పష్టంగానే ఉంటుంది కాబట్టి ఆఖరి పరీక్ష మీరు చేసుకోలేరు. మీ విషయం తెలియని హాస్టల్ మిత్రుడికో, ఇంట్లో అక్కకో ఆ పేరా ఇచ్చి, ఒక్కో వాక్యం ఎవరి మాటో చెప్పమనండి. వాళ్లు తడుముకున్న చోటుని గుర్తు పెట్టుకోండి, మీరు వివరించకండి. వివరించే అవకాశం ఎగ్జామినర్ దగ్గర ఉండకపోవచ్చు.

మీ శాఖకో, మీరు పంపే పత్రికకో సొంత నియమావళి ఉంటే ఇక్కడ చెప్పినదాన్ని పక్కనపెట్టి దాన్నే పాటించండి. కొన్ని పత్రికలు ప్రతి వాక్యానికీ ఆధారం కోరతాయి. వైద్యం, చట్టం లాంటి చోట్ల అలా కోరడానికి వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. అలాంటి నియమం లేనప్పుడు, ఉంచాలా తీయాలా అని ఎంతకీ తేలకపోతే మాత్రం ఆ సైటేషన్‌ని ఉంచేయండి. అదనంగా ఉన్నదాన్ని ఎడిటర్ ఒక గీతతో కొట్టేస్తారు. లేనిదాన్ని ఎక్కడ పెట్టాలో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.